ఇంటినిండా ఫోన్లు, ఒక్కటే గాలి



రాత్రి 8 గంటలు దాటాక అపార్ట్‌మెంట్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. స్పీడ్ టెస్ట్ పెడితే 100 మెగాబిట్లు నిక్షేపంగా వస్తున్నట్టు చూపిస్తుంది. అదే ఇంట్లో, అదే నిమిషంలో, వైఫై మీద ఫోన్ మాట్లాడుతుంటే మాట తెగుతుంది. ఆన్‌లైన్ మీటింగ్‌లో మన గొంతు అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. కంపెనీకి ఫోన్ చేస్తే "స్పీడ్ వస్తోంది కదండీ" అంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు, మన ఫిర్యాదూ అబద్ధం కాదు. స్పీడ్ టెస్ట్ కొలిచేది ఒకటి, ఫోన్ కాల్‌కి కావలసింది ఇంకొకటి.

ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను తగ్గించడానికే వైఫై 6లో ఓఎఫ్‌డీఎంఏ అనే ఏర్పాటు పెట్టారు. వైఫై 6 ముద్రతో పరికరాలకు ధ్రువీకరణ ఇవ్వడం 2019లో మొదలైంది. ఇప్పుడు కొత్తగా కొనే రౌటర్లలో చాలావాటి డబ్బా మీద ఆ అంకె కనిపిస్తుంది. అది మన ఇంట్లో నిజంగా ఏం మారుస్తుందో, ఏం మార్చలేదో ఈ పూట చెప్పుకుందాం.

మొదట ఫోన్ కాల్ సంగతి. మన దేశంలో 2019 చివర్లో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి. సిగ్నల్ అందని లోపలి గదుల్లో మనం మాట్లాడే మాట అప్పటినుంచి టవర్‌కి బదులు ఇంటి రౌటర్ ద్వారా పోతోంది. ఆ మాటని ఫోన్ 20 మిల్లీసెకన్లకొక ముక్కగా కోసి పంపుతుంది. అంటే సెకనుకి 50 ముక్కలు అటు, 50 ముక్కలు ఇటు. ఒక్కో ముక్క, దాని చుట్టూ ఉండే చిరునామాలూ తాళాలూ అన్నీ కలిపినా, 200 బైట్లకి అటూ ఇటూగా ఉంటుంది. చాలా చిన్నది. అయితే టైముకి చేరాలి. ఆలస్యంగా వచ్చిన ముక్క వచ్చినా రానట్టే లెక్క, ఎందుకంటే ఆ మాట వినిపించాల్సిన క్షణం అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఇక గాలి సంగతి. వైఫైకి మొదటినుంచీ ఒక నియమం ఉంది. ఒక చానెల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. మాట్లాడాలనుకున్న పరికరం ముందు ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో వినాలి. నిశ్శబ్దం దొరికాక కూడా వెంటనే మొదలుపెట్టకూడదు. కొంత విరామం ఇచ్చి, ఆ తర్వాత సున్నా నుంచి 15 దాకా ఏదో ఒక అంకెను చీటీ తీసినట్టు ఎంచుకుని, అంతవరకు లెక్కపెట్టి అప్పుడు పంపాలి. ఇద్దరికీ ఒకే అంకె పడితే ఇద్దరి ముక్కలూ గాలిలో ఢీకొని పాడవుతాయి. అప్పుడు అంకెల పరిధిని రెట్టింపు చేసుకుని మళ్లీ లెక్క మొదలుపెట్టాలి.

దీన్ని మైక్రోసెకన్లలో చూద్దాం. సెకనులో పది లక్షల వంతు మైక్రోసెకను. 5 గిగాహెర్ట్జ్ చానెల్‌లో మొదటి విరామం 34 మైక్రోసెకన్లు. అంకె లెక్కపెట్టడానికి సగటున ఇంకో 67. "నేను పంపబోతున్నాను, ఈ వేగంతో పంపుతున్నాను" అని చెప్పే పీఠికకి ఓ 40. చివర్లో చిన్న విరామం, అవతలినుంచి "అందింది" అనే జవాబు, రెండూ కలిపి ఇంకో 45 దాకా. మరి మన మాట ముక్కకి ఎంత పట్టింది? సెకనుకి 433 మెగాబిట్లు మోసే వైఫై 5 ఫోన్ అయితే, 4 మైక్రోసెకన్లు. అంటే మొత్తం 190 మైక్రోసెకన్లలో అసలు సరుకు మోసింది 4. మిగతాదంతా హంగు.

సినిమా డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఈ హంగు మనకి తెలియదు. ఒకసారి వంతు వచ్చిందంటే పరికరం పదులకొద్దీ పెద్ద ముక్కల్ని ఒక కట్టగా కట్టి ఒకేసారి పంపేస్తుంది. ఆ కట్ట కొన్ని మిల్లీసెకన్లపాటు గాలిని పట్టి ఉంచగలదు. అంత సరుకు ముందు 190 మైక్రోసెకన్ల హంగు ఏ మూలకి? స్పీడ్ టెస్ట్ చేసేదీ అచ్చంగా ఈ పనే. పెద్ద కట్టలు పంపి లెక్క చూస్తుంది. అందుకే అది 100 చూపిస్తుంది. మాట ముక్కల్ని అలా కట్ట కట్టడానికి వీల్లేదు. తర్వాతి ముక్క ఇంకా మన నోట్లోంచే రాలేదు మరి.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. గాలికోసం జరిగే ఈ పోటీలో రౌటర్ కూడా ఒక మామూలు పోటీదారే. ఇంట్లో అందరికీ అందాల్సిన సరుకు దాని దగ్గరే ఉన్నా, వంతు విషయంలో దానికి పెద్దరికం లేదు. పైకి పంపాలని పది పరికరాలు ఒకేసారి ఎదురుచూస్తుంటే, రౌటర్ పదకొండోది మాత్రమే. పైగా కిందికి వచ్చే సరుకు కూడా ఉత్తినే రాదు. టీవీలో వీడియో ఆడుతున్నప్పుడు కూడా "ఇంతవరకు అందింది" అనే చిన్న చిన్న రసీదులు టీవీ నుంచి పైకి పోతూనే ఉంటాయి. ఆ రసీదులు కూడా చీటీ తీసే పోటీలో నిలబడాల్సినవే.

ఇప్పుడు ఓఎఫ్‌డీఎంఏ దగ్గరికి వద్దాం. పెళ్లిలో బఫే పెడితే ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు గరిటె దగ్గరికి తోసుకుపోవాలి, చెంచాడు పచ్చడి కావాలన్నా వరుసలో నిలబడాల్సిందే. బంతి భోజనంలో అయితే కూర్చున్నవాళ్లు కూర్చున్నచోటే ఉంటారు, వడ్డించేవాడు ఒక్క విడతలో వరుసంతటికీ వడ్డించి పోతాడు, ఎవరికి ఎంత కావాలో అంతే వేస్తాడు. పాత వైఫై బఫే. ఓఎఫ్‌డీఎంఏ బంతి.

ఇది గాలిలో ఎలా జరుగుతుందంటే, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్‌ని పాత పద్ధతిలో 64 సన్నని పాయలుగా చీల్చేవారు. ఆ పాయలన్నీ ఒకే పరికరానికి వెళ్లేవి. వైఫై 6లో అదే వెడల్పుని 256 పాయలు చేశారు, పాయ నాలుగింతలు సన్నబడింది. అన్నీ ఒకరికే ఇవ్వాలన్న నియమం తీసేశారు. 26 పాయల చిన్న వాటా ఒకరికి, 52 పాయలది ఒకరికి, 106 పాయలది ఇంకొకరికి, ఇలా అవసరాన్నిబట్టి పంచవచ్చు. అన్నిటికన్నా చిన్న వాటాలు చేస్తే 20 మెగాహెర్ట్జ్‌లో ఒకేసారి 9 మందికి, ఇళ్లలో 5 గిగాహెర్ట్జ్‌మీద మామూలుగా వాడే 80 మెగాహెర్ట్జ్‌లో 37 మందికి పంచవచ్చు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 4జీ టవర్లు మొదటినుంచీ ఫోన్లకి ఇలాగే పంచుతున్నాయి. వైఫై ఆ పద్ధతిని ఆలస్యంగా తెచ్చుకుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆయన ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగ్. ఆవిడ వైఫై కాల్‌లో వాళ్లమ్మగారితో మాట్లాడుతున్నారు. అమ్మాయి ట్యాబ్‌లో క్లాసు. అబ్బాయి ఫోన్‌లో ఆట. నలుగురికీ తలా ఒక 200 బైట్ల ముక్క ఇప్పుడే రౌటర్‌కి వచ్చింది. పాత పద్ధతిలో నాలుగు వంతులు కావాలి, నాలుగు 190లు, అంటే దాదాపు 760 మైక్రోసెకన్లు. అదీ మధ్యలో ఇంకెవరూ దూరకపోతే. ఓఎఫ్‌డీఎంఏలో రౌటర్ ఒక్కసారే విరామం ఇస్తుంది, ఒక్కసారే అంకె లెక్కపెడుతుంది, ఒక్క పీఠికలో "ఈ నాలుగో వంతు నీది, ఆ నాలుగో వంతు నీది" అని చెప్తుంది. వాటా సన్నబడింది కాబట్టి ఒక్కో ముక్క వెళ్లడానికి 4కి బదులు పాతిక, ముప్ఫై మైక్రోసెకన్లు పడుతుంది. అయితే నాలుగూ ఒకేసారి వెళ్తున్నాయి. జవాబులు కూడా నాలుగూ ఒకేసారి తిరిగొస్తాయి. మొత్తం సుమారు 300 మైక్రోసెకన్లలో పని అయిపోతుంది.

ఒక్కొక్కరి ముక్క విడిగా చూస్తే నెమ్మదిగానే వెళ్లింది, నలుగురి ఎదురుచూపు కలిపి చూస్తే సగానికి సగం కన్నా ఎక్కువే తగ్గింది. ఓఎఫ్‌డీఎంఏ స్వభావమంతా ఈ లెక్కలో ఉంది. అందుకే ఒంటరిగా ఒక పెద్ద ఫైలు దింపుకునేవాడికి దీనితో ఏ లాభమూ లేదు. వైఫై 6తో స్పీడ్ టెస్ట్ అంకె కొంచెం పెరిగితే దానికి కారణం వేరు. ఒక్కో పాయ మీద ఎక్కువ బిట్లు పేర్చే పద్ధతి అందులో ఉంది, అది రౌటర్ ఉన్న గదిలో బాగా పనిచేస్తుంది, రెండు గోడలు దాటితే అందదు.

కిందికి పంచడం కన్నా పైకి తీసుకోవడంలో ఉన్న మార్పే అసలైనదని నా అభిప్రాయం. వైఫై 6లో రౌటర్ ముందు పరికరాలని అడుగుతుంది, మీ దగ్గర పంపాల్సింది ఎంతుంది అని. అవి చెప్పిన లెక్కని బట్టి, ట్రిగ్గర్ అనే చిన్న పిలుపు పంపుతుంది. అందులో ఎవరు ఏ వాటాలో, ఎంతసేపు, ఎంత బలంతో పంపాలో ఉంటుంది. పిలుపు అందగానే అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగిస్తారు. ఇలా రౌటర్ పిలుపు మీద పంపుకునే పరికరాలు, సొంతంగా చీటీ తీసే పోటీలో కొంతసేపు వెనక్కి తగ్గి ఉండాలని కూడా రౌటర్ చెప్పగలదు. అంటే ఇంటి గాలిలో మొదటిసారి ఒక పెద్దమనిషి వచ్చాడన్నమాట.

మరి ఇంట్లో ఇది తెలుస్తుందా? నిజం చెప్పాలంటే, కొంచెమే. నాలుగు కాల్స్ సెకనుకి 400 ముక్కలు. ఒక్కోటి 190 చొప్పున లెక్కేస్తే సెకనులో 76 మిల్లీసెకన్లు, అంటే గాలిలో 8 శాతం కూడా లేదు. పాత రౌటర్ కూడా ఆ మాత్రం మోయగలదు. మాట తెగేది ఆ నాలుగు కాల్స్ వల్ల కాదు. టీవీకి వెళ్లే పెద్ద కట్టలు, ఎవరి ఫోనో గుట్టుగా ఫోటోలు పైకి ఎక్కించుకోవడం, పక్కింటివాళ్ల రౌటర్, ఇవన్నీ కలిసినప్పుడు మాట ముక్క కొన్ని కట్టల వెనక ఇరుక్కుంటుంది. ఓఎఫ్‌డీఎంఏలో రౌటర్ తలచుకుంటే ఆ చిన్న ముక్కని పెద్ద కట్ట వెనక కాకుండా పక్కనే ఒక సన్నని వాటాలో కూర్చోబెట్టి పంపగలదు. సగటు ఆలస్యం పెద్దగా మారకపోవచ్చు. అప్పుడప్పుడూ వచ్చే పెద్ద కుదుపులు తగ్గుతాయి. కాల్‌కి కావలసింది అదే.

"రౌటర్ తలచుకుంటే" అన్నాను కదా, ఆ మాట ఊరికే అనలేదు. వాటాలు ఎలా చేయాలో ప్రమాణం చెప్తుంది. ఎప్పుడు చేయాలి, ఎవరిని ఎవరితో కలపాలి అనేది మాత్రం చిప్ తయారీదారు ఇష్టానికి వదిలేసింది. కాబట్టి ఒకే ముద్ర ఉన్న రెండు రౌటర్లు ఒకేలా పనిచేయాలని లేదు. మొదట్లో వచ్చిన వైఫై 6 రౌటర్లలో కొన్నిటిలో ఈ ఏర్పాటు ఆపేసి ఇచ్చారు, కొన్నిటిలో కిందికి పంచడం మాత్రమే ఉండేది. సెట్టింగుల పేజీలో OFDMA అనే మీట కనిపిస్తుంది. పక్కన DL అని మాత్రమే ఉంటే అది కిందికి, UL కూడా ఉంటే పైకి కూడా. రెండూ ఉంటే రెండూ ఎంచుకోండి.

ఇంకో షరతు, ఇదే పెద్దది. అవతలి పరికరం కూడా వైఫై 6 అయి ఉండాలి, అదే చానెల్‌లో ఉండాలి. ఐఫోన్లలో 2019లో వచ్చిన 11 నుంచి ఉంది. సామ్‌సంగ్‌లో అదే ఏడాది ఎస్10 నుంచి ఉంది. తక్కువ ధర ఫోన్లలో, టీవీల్లో ఇప్పటికీ వైఫై 5 కనిపిస్తుంది. గుమ్మం దగ్గర కెమెరా, వైఫై బల్బు, వైఫై ప్లగ్గు, ఇవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద ఇంకా పాత వైఫై 4తో నడుస్తాయి. ఇవేవీ బంతిలో కూర్చోవు. వాటితో రౌటర్ పాత పద్ధతిలోనే, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి.

ఆ పాతవాటిలో ఒక్కటి దూరంగా ఉన్నా చాలు, లెక్క తారుమారవుతుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గర ఒక కెమెరా పెట్టారనుకోండి. సిగ్నల్ అందక అది తన అట్టడుగు వేగానికి, సెకనుకి 6.5 మెగాబిట్లకి దిగిపోతుంది. అది పంపే 1500 బైట్ల మామూలు ముక్క ఒక్కదానికే దాదాపు 2 మిల్లీసెకన్లు పడుతుంది. మన మాట ముక్కలు పది, హంగుతో సహా, వెళ్లేంత సమయం. ఆ కెమెరా రోజంతా అలా పంపుతూనే ఉంటుంది. అదే చానెల్‌లో ఫోన్ ఉంటే కొత్త రౌటర్ కొన్నా ఈ నష్టం పోదు. కెమెరాకి దగ్గరలో ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టాలి. లేదా ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, 2.4ని కెమెరాలకీ బల్బులకీ వదిలేయాలి. ఈ రెండో పనికి పైసా ఖర్చు లేదు.

పక్కింటి గాలి గురించి కూడా ఒక మాట. మన రౌటర్ పెద్దరికం మన ఇంటి పరికరాల మీదే. పక్కింటి రౌటర్ అదే చానెల్‌లో ఉంటే, మన రౌటర్ పంపే ట్రిగ్గర్ పిలుపు కూడా దానితో చీటీ పోటీలో గెలిచాకే బయటికి వెళ్తుంది. దీనికి వైఫై 6లో రంగులేయడం అని ఒక ఉపాయం ఉంది. ప్రతి రౌటర్ తన ముక్కల మీద 1 నుంచి 63 దాకా ఒక అంకె గుర్తుగా వేస్తుంది. వేరే గుర్తున్న సన్నని సిగ్నల్ వినిపిస్తే, "ఇది పక్కింటివాళ్లది, దూరంగా ఉంది" అని పట్టించుకోకుండా పంపుకోవచ్చు. ఆలోచన చక్కగా ఉంది. గుర్తు వేయాలంటే పక్కింటిది కూడా వైఫై 6 కావాలి. గుర్తు చూసి నిజంగా ధైర్యం చేసే రౌటర్లు ఇళ్లలో తక్కువ. ఇరవై నెట్‌వర్కులు కనిపించే అపార్ట్‌మెంట్‌లో, ఖాళీగా ఉన్న 5 గిగాహెర్ట్జ్ చానెల్‌కి మారడం దీనికన్నా నమ్మకమైన పని.

అయితే కొత్త రౌటర్‌కి డబ్బు పెట్టే ముందు, తప్పు గాలిదేనా అని తేల్చుకోవాలి. అది కనుక్కోవడం తేలిక. రాత్రి ఇల్లంతా వాడుతున్నప్పుడు, మాట తెగే గదిలోనే ల్యాప్‌టాప్ పెట్టండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర రెండు తెరవండి. ఒకదాంట్లో రౌటర్‌ని, ఇంకోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్‌ని పలకరిస్తూ ఉండమని చెప్పండి.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మీ రౌటర్ చిరునామా వేరుగా ఉంటే అది వేసుకోండి, ఎక్కువగా రౌటర్ అడుగునే రాసి ఉంటుంది. ఇప్పుడు రెండు తెరల్లో వచ్చే మిల్లీసెకన్ల అంకెలు చూడండి. రౌటర్ అంకె 2, 3 దగ్గర ఉంటూ మధ్యమధ్యలో 80, 150కి ఎగురుతుంటే తప్పు గాలిది. వైఫై 6, చానెల్ మార్పు, కెమెరా జరపడం, ఇవి పనికొచ్చేది అక్కడే. రౌటర్ అంకె 3 దగ్గరే కదలకుండా ఉండి, గూగుల్ అంకె మాత్రం 200కి పోతుంటే ముక్కలు గాలి దాటాక, చాలాసార్లు బయటికి వెళ్లే తీగ దగ్గర, వరుస కట్టి నిలబడ్డాయన్నమాట. ఎవరో ఫోటోలు ఎక్కిస్తుంటే ఇలా అవుతుంది. ఎంత గొప్ప ఓఎఫ్‌డీఎంఏ ఉన్నా దీనికి మందు కాదు. రౌటర్‌లో QoS సెట్టింగ్ ఉంటే, పైకి వెళ్లే వేగాన్ని లైను వేగంలో 90 శాతానికి కట్టడి చేసి, మళ్లీ రెండు తెరలూ చూడండి. ఆ 200 దిగితే, కొత్త రౌటర్ ఖర్చు తప్పినట్టే.

గాలిదే తప్పని తేలి, వైఫై 6 రౌటర్ ఇంట్లో ఇప్పటికే ఉంటే, ఇంకో సంగతి చూడండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ పాతదైతే, వైఫై 6 నెట్‌వర్క్ పేరే వాటికి కనిపించదు. అలాంటి ఇంట్లో రౌటర్ బిగించడానికి వచ్చినవాళ్లు తేలిక దారి పట్టి, రౌటర్‌లో ax మోడ్ ఆపేసి పోతారు. ల్యాప్‌టాప్ కలుస్తుంది. ఇల్లంతా వైఫై 5కి దిగిపోతుంది, ఓఎఫ్‌డీఎంఏ దానితోపాటే పోతుంది. అదే నల్ల తెరలో ఇది కొట్టండి.

```
netsh wlan show interfaces
```

కొత్త ల్యాప్‌టాప్‌లో Radio type దగ్గర 802.11ax అని ఉంటే సరే. 802.11ac అని ఉంటే రౌటర్ పేజీలో మోడ్ చూడాలి, పాత ల్యాప్‌టాప్‌కి డ్రైవర్ మార్చాలి.

చివరిగా టీవీ గురించి. హాల్లో రౌటర్, ఆ పక్కనే టీవీ ఉన్న ఇళ్లు మనకి కొల్లలు. టీవీ వెనక లాన్ సాకెట్ ఉంటుంది. 4కే వీడియోకి సెకనుకి పాతిక మెగాబిట్లు ఉంటే సరిపోతుంది, ఆ సాకెట్ 100 మోస్తుంది. రెండు మీటర్ల తీగ వేస్తే, రాత్రిపూట ఇంట్లో అన్నిటికన్నా పెద్ద కట్టలు గాలిలోంచి పూర్తిగా దిగిపోతాయి. నన్ను అడిగితే, కొత్త రౌటర్ కన్నా ముందు ఆ తీగ కొంటాను.